పోర్టు రద్దీలో ఓడ ఆగిపోతే: కస్టమర్‌కు కొత్త డెలివరీ తేదీ, ఇతర దారులు ఎలా చెప్పాలి

ఓడ పోర్టుకు చేరే తేదీ వేరు, సరుకు కస్టమర్ గుమ్మం దగ్గర దిగే తేదీ వేరు. మామూలు రోజుల్లో ఈ రెంటి మధ్య దూరం వారం లోపే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రద్దీ వచ్చినప్పుడు ఆ దూరం మూడు వారాలు దాటొచ్చు. షిప్పింగ్ లైన్ పంపిన ఈటీఏకు, అంటే ఓడ పోర్టుకు చేరే అంచనా తేదీకి, రెండు రోజులు కలిపి కస్టమర్‌కు చెప్పేస్తే ఆ మాట తప్పక తప్పదు. రెండోసారి, మూడోసారి తేదీ మారాక మీరు చెప్పే ఏ తేదీనీ వాళ్లు నమ్మరు. అందుకే మెయిల్ రాయడానికి ముందు చేయాల్సిన పనికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాం.

మొత్తం ఒకే ఉదాహరణతో చూద్దాం. ఇరవై అడుగుల కంటైనర్‌లో 600 నీటి పంపులు వస్తున్నాయి. ఒక్కో పంపు 12 కిలోలు. నలుగురు కస్టమర్లు ఉన్నారు: బిగింపు పనులు చేసే కాంట్రాక్టర్‌కు 200, ఇద్దరు డీలర్లకు 250, 100, ఒక ఫ్యాక్టరీకి 50. అందరికీ జూన్ 10 అని మాటిచ్చారు. ఓడ జూన్ 1న పోర్టు బయటకు చేరింది కానీ సరుకు దించడానికి ఓడను కట్టే చోటు, అంటే బెర్తు, దొరకలేదు. ఈ రోజు జూన్ 3.

మొదటి పని: సరుకు నిజంగా ఎక్కడుందో తేల్చుకోవడం

షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ మీదున్న కంటైనర్ నంబర్ తీసుకోండి. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటుంది. దాన్ని షిప్పింగ్ లైన్ ట్రాకింగ్ పేజీలో పెట్టి, కంటైనర్ చివరిగా ఏ ఓడ ఎక్కిందో చూడండి. దారిలో ఓడ మారాల్సిన సరుకైతే ఇది తప్పనిసరి. మధ్య పోర్టులో రద్దీ ఉంటే కంటైనర్ ఎక్కాల్సిన ఓడ తప్పిపోయి, అక్కడి యార్డులోనే కూర్చుని ఉండొచ్చు. అప్పుడు మీరు ఓడల కదలికలు చూపే మ్యాపులో గమనిస్తున్న ఓడకూ మీ సరుకుకూ సంబంధమే ఉండదు.

ఓడ ఖరారయ్యాక మ్యాపులో దాని స్థితి చూడండి. లంగరు వేసి ఉంటే `At Anchor` అని, బెర్తుకు కట్టి ఉంటే `Moored` అని కనిపిస్తుంది. అయితే ఆ స్థితిని ఓడ సిబ్బంది చేత్తో మారుస్తారు, మార్చడం మరిచిపోతారు కూడా. కాబట్టి వేగం, చోటు రెండూ కలిపి చూసుకోవాలి. లంగరు వేయలేదంటే వరుసలో లేదని కూడా కాదు. లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ పోర్టుల్లో 2021 నవంబరులో వరుస పద్ధతి మార్చాక, ఓడలు తీరానికి దాదాపు 150 మైళ్ల దూరంలో ఉండి గానీ, నెమ్మదిగా నడుస్తూ గానీ తమ వంతు కోసం ఆగాయి. తీరం దగ్గర ఓడలు పలచబడ్డాయని చూసి రద్దీ తగ్గిందనుకున్నవాళ్లు పొరపాటు పడ్డారు. 2022 జనవరిలో ఆ వరుస వంద ఓడలు దాటింది.

అందుకే మ్యాపు కన్నా టెర్మినల్ ప్రకటించే ఓడల పట్టిక ముఖ్యం. అందులో `ETA` పక్కన `ETB` అనే గడి ఉంటుంది. ఓడ బెర్తుకు ఎప్పుడు కడతారన్న అంచనా అది. మీకు కావలసింది అదే. `ETB` ఇంకా ఖాళీగా ఉంటే మీ రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్‌కు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఈ వారం ఇదే టెర్మినల్‌లో బెర్తు దొరికిన ఓడలు ఎన్ని రోజులు ఆగాయి?" పోర్టు మొత్తం సగటు అడగొద్దు. ఒకే పోర్టులో ఒక టెర్మినల్ ఖాళీగా, పక్క టెర్మినల్ కిటకిటలాడుతూ ఉండటం మామూలే. మన ఉదాహరణలో జవాబు 7 నుంచి 11 రోజులు.

రెండో పని: కొత్త తేదీ లెక్క కట్టడం

ఓడ నుంచి కస్టమర్ దాకా ఉన్న ఒక్కో మజిలీకి మూడు అంకెలు రాసుకోండి: అన్నీ కలిసొస్తే, మామూలుగా అయితే, బాగా ఆలస్యమైతే.

| మజిలీ | కలిసొస్తే | మామూలుగా | ఆలస్యమైతే |
|---|---|---|---|
| బెర్తు కోసం ఆగడం (జూన్ 1 నుంచి) | 7 | 9 | 11 |
| ఓడ నుంచి కంటైనర్ దించడం | 1 | 2 | 3 |
| రిలీజ్, లారీ స్లాట్, గేటు దాటడం | 2 | 4 | 5 |
| గోడౌన్‌కు రవాణా | 1 | 1 | 1 |
| విప్పి, లెక్క చూసి, పంపడం | 1 | 2 | 2 |
| కస్టమర్‌కు చేరడం | 1 | 1 | 2 |
| మొత్తం రోజులు | 13 | 19 | 24 |
| తేదీ | జూన్ 14 | జూన్ 20 | జూన్ 25 |

ఈ పట్టికలో చాలామంది తప్పు చేసేది మూడో వరుసలో. ఓడ కట్టేశారు కదా, ఇక మామూలే అనుకుంటారు. రద్దీలో ఓడలు గుంపుగా లోపలికి వస్తాయి. వేల కంటైనర్లు ఒకేసారి యార్డులో పడతాయి, మీ కంటైనర్ మీద మరో మూడు నాలుగు పేరుస్తారు. దాన్ని తీయాలంటే పైవాటిని ముందు కదపాలి. లారీలు, స్లాట్లు మాత్రం పాత సంఖ్యలోనే ఉంటాయి. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని 29న కదిలింది. దారి తెరుచుకున్నాక, అటూ ఇటూ ఆగిపోయిన ఓడలు గుంపులుగా పోర్టులకు చేరి అక్కడ రద్దీ తెచ్చాయి. ఆలస్యం ఒక మజిలీలో తీరినట్టే తీరి తర్వాతి మజిలీలో బయటపడుతుంది. మామూలుగా ఒక రోజులో అయ్యే ఈ వరుసకు నాలుగు రోజులు పెట్టింది అందుకే.

కస్టమ్స్‌కు వేరే వరుస పెట్టలేదు. ఓడ లంగరు మీద ఉండగానే కాగితాలు దాఖలు చేసుకుంటే ఆ సమయం ఆగిన రోజుల్లోనే కలిసిపోతుంది. దాఖలు చేయకపోతే మాత్రం దానికీ వరుస పెట్టాల్సిందే. మధ్యలో సెలవులు పడితే అవీ కలపాలి.

ఇప్పుడు మూడు తేదీలున్నాయి. జూన్ 14ను బయట ఎవరికీ చెప్పొద్దు. ఎంత జాగ్రత్తగా "అన్నీ కలిసొస్తే" అని చెప్పినా, కస్టమర్ మనసులో నిలిచేది 14 ఒక్కటే. వాళ్లు పని ఏర్పాటు చేసుకోవడానికి జూన్ 25 ఇవ్వండి. 20 ప్రాంతంలో వచ్చే అవకాశం ఎక్కువని పక్కన చెప్పండి. ఇలా చెబితే ఆర్డర్ పోతుందని అమ్మకాల వాళ్లు అభ్యంతరం చెబుతారు. కొన్ని ఆర్డర్లు పోవడం నిజమే. కానీ 14 అని చెప్పి 22న ఇస్తే ఆ ఆర్డర్‌తో పాటు తర్వాతివి కూడా పోతాయి.

మూడో పని: ఎవరికి ఏం ఆగిపోతుందో తెలుసుకోవడం

నలుగురికీ ఒకే మెయిల్ పంపడం సులువే, కానీ నలుగురి ఇబ్బంది ఒకటి కాదు. అందరికీ అడగాల్సిన ప్రశ్న ఇది: "మొదటి పంపులు మీకు ఏ రోజుకు కావాలి, ఆ రోజుకు ఎన్ని సరిపోతాయి?" ఆర్డర్ కాగితంలో 200 అని ఉంటుంది. ఒకే రోజున 200 ఎవరూ వాడరు. ఈ ప్రశ్న అడిగేసరికి సమస్య సగానికి తగ్గుతుంది.

కాంట్రాక్టర్ జవాబు: జూన్ 12 నుంచి పనివాళ్లు వస్తారు, రోజుకు 10 పంపులు బిగిస్తారు, సెలవు లేదు. ఫ్యాక్టరీ: పాతవి పాడయ్యాయి, 20 వెంటనే కావాలి, మిగతా 30 స్పేర్లు, నెలాఖరుకు చాలు. పెద్ద డీలర్‌కు నిల్వ ఉంది, జూన్ 25కు వచ్చినా ఇబ్బంది లేదు. చిన్న డీలర్ నిల్వ జూన్ 18తో అయిపోతుంది. మీ గోడౌన్‌లో 70 పంపులున్నాయి.

మాట్లాడే ముందే ఒప్పందం కాగితం తీసి మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, డెలివరీ షరతు. సీఐఎఫ్ అయితే సరుకు ఎగుమతి పోర్టులో ఓడ ఎక్కగానే రిస్కు కొన్నవాళ్లకు మారుతుంది. డీఏపీ అయితే చెప్పిన చోటికి చేరేదాకా మీదే. రెండు, ఆలస్యానికి రోజుకు ఇంత అని జరిమానా రాసి ఉందా. మూడు, ఫోర్స్ మెజూర్ షరతు, అంటే మన చేతిలో లేని కారణాల వల్ల మాట తప్పితే బాధ్యత నుంచి మినహాయించేది. పోర్టు రద్దీ దానంతటదే ఆ షరతు కిందికి రాదు. అందులో రాసిన మాటలను బట్టి ఉంటుంది. ఆర్డర్ తీసుకునేటప్పటికే రద్దీ అందరికీ తెలిసిన సంగతైతే ఆ వాదన బలహీనపడుతుంది. నోటీసుకు గడువు రాసి ఉంటే దాన్ని దాటనివ్వకండి. ఆ నోటీసు విడిగా, ఒప్పందంలో చెప్పిన పద్ధతిలో పంపాలి. మామూలు సమాచారం ఇచ్చే మెయిల్‌లో చట్టం భాష కలిపితే, చదివేవాళ్లకు మీరు అప్పుడే చేతులు దులుపుకుంటున్నట్టు అనిపిస్తుంది.

సరుకు నేరుగా వాడుకునే జనానికి అమ్మేవాళ్లు తమ దేశపు నిబంధన కూడా చూసుకోవాలి. అమెరికాలో ఆన్‌లైన్, ఫోన్, పోస్టు ఆర్డర్లకు చెప్పిన గడువులో, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లో సరుకు పంపలేనప్పుడు కొనుగోలుదారుకు ఆ సంగతి తెలిపి, ఆర్డర్ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే అవకాశం ఇవ్వాలి.

నాలుగో పని: నిలబెట్టుకోగలిగిన దారులే చూపడం

దారి అంటే నాలుగు విషయాలు ఉండాలి: ఎన్ని వస్తాయి, ఏ తేదీకి, అదనపు ఖర్చు ఎవరిది, జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా మళ్లీ రెండు మూడు మెయిళ్లు నడుస్తాయి, ఈలోగా సమయం పోతుంది.

చేతిలో ఉన్న నిల్వను పంచడం మొదటి దారి. ఫ్యాక్టరీకి 20, కాంట్రాక్టర్‌కు 50. దాంతో 70 అయిపోయాయి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఆ 70 పంపులనే ఇద్దరు ముగ్గురికి చూపడం. ఒక్కొక్కరితో ఒక్కో అమ్మకాల ప్రతినిధి మాట్లాడుతుంటే ఇది తప్పకుండా జరుగుతుంది. ఫోన్ ఎత్తే ముందే సిస్టమ్‌లో ఆ సంఖ్యను కస్టమర్ పేరు మీద రిజర్వ్ చేయండి. వాళ్లు వద్దంటేనే విడుదల చేయండి.

విమానం రెండో దారి. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. లంగరు మీదున్న ఓడలోంచి మీ కంటైనర్‌ను దించి విమానం ఎక్కించడం కుదరదు. విమానంలో తేవాలంటే సరఫరాదారు దగ్గర వేరే నిల్వ ఉండాలి. లేకపోతే తయారీకే ఓడకన్నా ఎక్కువ రోజులు పట్టొచ్చు. అందుకే కస్టమర్‌తో విమానం మాట ఎత్తే ముందే సరఫరాదారును అడగాలి. మన ఉదాహరణలో 60 పంపులు సిద్ధంగా ఉన్నాయి, బుకింగ్ నుంచి కాంట్రాక్టర్ చేతికి 9 రోజులు పడుతుంది. ఖర్చును అసలు బరువు, పరిమాణపు బరువు రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. పెట్టె 40 × 30 × 25 సెంటీమీటర్లు, అంటే 30,000 ఘన సెంటీమీటర్లు. సాధారణంగా వాడే 6000తో భాగిస్తే 5 కిలోలు వస్తుంది. పంపు 12 కిలోలు కాబట్టి లెక్క 12 మీదే, మొత్తం 720 కిలోలు. తేలికగా ఉండి చోటు ఎక్కువ తినే సరుకైతే ఇది తలకిందులవుతుంది. విమానం ధర చెప్పే ముందు పెట్టె కొలతలు చూడమనేది అందుకే.

కాంట్రాక్టర్ లెక్క చూడండి. నిల్వలోని 50తో జూన్ 12 నుంచి 16 దాకా పని నడుస్తుంది. జూన్ 4న విమానానికి సరే అంటే 60 పంపులు 13 నాటికి వస్తాయి, వాటితో 22 దాకా నడుస్తుంది. కంటైనర్ 20 ప్రాంతంలో వస్తే పని అసలు ఆగదు. 25కు వచ్చినా ఖాళీ రెండు మూడు రోజులే. మొత్తం 200 విమానంలో తేనక్కర్లేదు.

మూడో దారి, సరిపోయే వేరే మోడల్. హార్స్‌పవర్ ఒకటే అయితే చాలదు. పైపు కనెక్షన్ సైజు, ఫేజ్, నీటిని ఎత్తగలిగే ఎత్తు, వారంటీ తేడాలు రాసి ఇవ్వండి. చిన్న డీలర్‌కు ఇది నప్పుతుంది. నాలుగో దారి, రద్దు. రద్దు చేసుకుంటే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుందో అడక్కముందే చెప్పాలి. ఆ దారి దాచిపెడితే వాళ్లు దానికోసమే పట్టుబడతారు. ముందే చూపిస్తే చాలామంది ఆగడానికి ఒప్పుకుంటారు.

ఐదో పని: ముందు ఫోన్, వెంటనే మెయిల్

పని ఆగిపోయేవాళ్లకు ముందు ఫోన్ చేయాలి. ఇక్కడ ఫ్యాక్టరీ, కాంట్రాక్టర్. చిన్న డీలర్‌ది మూడో ఫోన్. పెద్ద డీలర్‌కు మెయిల్ చాలు. ఫోన్లు, మెయిళ్లు అన్నీ ఒకే రోజు అయిపోవాలి. కాంట్రాక్టర్‌కు ఫోన్ పెట్టేశాక వెళ్లాల్సిన మెయిల్ ఇలా ఉంటుంది:

> విషయం: ఆర్డర్ 4417 – డెలివరీ జూన్ 10 నుంచి జూన్ 25కు మారింది – జూన్ 4 సాయంత్రం 5 గంటల్లోగా మీ జవాబు కావాలి
>
> నమస్కారం అండి.
>
> మీ 200 పంపులు జూన్ 10కి ఇవ్వలేకపోతున్నాం. కొత్త తేదీ జూన్ 25. అంతకన్నా ముందు, 20 ప్రాంతంలో వచ్చే అవకాశం ఉంది. కానీ మీ పనివాళ్ల ఏర్పాటు 25ను బట్టే చేసుకోండి.
>
> సరుకున్న ఓడ జూన్ 1నే పోర్టుకు చేరింది. బెర్తు ఖాళీ లేక బయట లంగరు వేసి ఉంది. ఈ టెర్మినల్‌లో ఈ వారం బెర్తు దొరికిన ఓడలు 7 నుంచి 11 రోజులు ఆగాయి. దించాక లారీ స్లాట్ దొరకడానికి మరికొన్ని రోజులు పడుతుంది.
>
> మీ పని 12న మొదలవుతుందని చెప్పారు కాబట్టి 50 పంపులు మా నిల్వ నుంచి మీ పేరు మీద పక్కన పెట్టాం. అవి జూన్ 10నే వస్తాయి, అదనపు ఖర్చు లేదు. మిగతా 150కి:
>
> అ) 60 విమానంలో జూన్ 13కు, 90 కంటైనర్‌లో జూన్ 25కు. విమానం ఖర్చులో సగం మాది, సగం మీది. మీ వాటా మొత్తం జతచేసిన కాగితంలో ఉంది.
> ఆ) 150 మొత్తం కంటైనర్‌లో జూన్ 25కు. అదనపు ఖర్చు లేదు.
> ఇ) 150 రద్దు. వాటి అడ్వాన్సు 7 రోజుల్లో మీ ఖాతాకు వస్తుంది.
>
> జూన్ 4 సాయంత్రం 5లోగా అ, ఆ, ఇ లలో ఒకటి రాసి పంపండి. జవాబు రాకపోతే 'ఆ' ప్రకారం నడుపుతాం, తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాకపోతే విమానంలో చోటు 4 తర్వాత దొరక్కపోవచ్చు.
>
> మళ్లీ జూన్ 8న, తేదీ మారినా మారకపోయినా రాస్తాం. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి.

కొత్త తేదీ మొదటి రెండు వాక్యాల్లోనే ఉందని గమనించండి. కారణం ఆ తర్వాతే, అదీ కొద్ది మాటల్లో. ప్రపంచ నౌకా రవాణా ఎలా ఉందో రెండు పేరాలు రాసి కింద తేదీ పెడితే, దాన్ని వెతుక్కునేలోపే వాళ్లకు విసుగొస్తుంది. "వీలైనంత త్వరలో", "మా చేతిలో లేదు" అనే మాటలు ఎక్కడా లేవు. కంటైనర్ పోర్టులో ఎక్కువ రోజులు ఉంటే పడే డెమరేజ్‌ను కస్టమర్ మీద వేసే ఆలోచన ఉంటే అది కూడా ఈ మెయిల్‌లోనే చెప్పాలి. బిల్లులో మొదటిసారి కనిపించే ఖర్చు మీద గొడవ తప్పదు.

మెయిల్ వెళ్లగానే సిస్టమ్‌లో ఆర్డర్ తేదీ మార్చండి. ఇది మరిచిపోతే జూన్ 9న "మీ సరుకు రేపు వస్తోంది" అని ఆటోమేటిక్ మెసేజ్ వెళ్తుంది. అది వచ్చాక ఎవరి వివరణా పనికిరాదు. ఫోన్లు ఎత్తే వాళ్లందరి దగ్గరా అదే తేదీ, అవే మాటలు ఉండాలి.

ఆ తర్వాత

చెప్పిన రోజున కబురు వెళ్లాలి. మార్పు లేకపోతే ఒక్క వాక్యం చాలు: "ఓడ ఇంకా లంగరు మీదే ఉంది, వరుసలో నాలుగోది, జూన్ 25లో మార్పు లేదు, మళ్లీ 12న రాస్తాం." దీనితో పాటు మూడు ఘట్టాల్లో తప్పకుండా రాయాలి: ఓడ బెర్తుకు కట్టినప్పుడు, కంటైనర్ దించినప్పుడు, గేటు దాటినప్పుడు. ఒక్కో ఘట్టం దాటేకొద్దీ పట్టికలో మిగిలిన వరుసలు తగ్గి, 20కీ 25కీ మధ్య ఉన్న దూరం కుంచించుకుపోతుంది. గేటు దాటాక మాత్రమే ఒక్క రోజు, ఒక్క పూట చెప్పండి.

ఓడ అసలు ఈ పోర్టులో ఆగకుండా వెళ్లిపోయే ప్రమాదం కూడా ఉంది. రద్దీ భరించలేక లైన్ ఆ పోర్టు వదిలేసి తర్వాతి పోర్టులో సరుకు దించేస్తుంది. మ్యాపులో లంగరెత్తిన ఓడ బెర్తు వైపు కాక బయటి సముద్రం వైపు తిరిగినా, టెర్మినల్ పట్టికలోంచి దాని పేరు మాయమైనా అదే సూచన. అప్పుడు పాత లెక్క మొత్తం చెల్లదు. ముందు ఫార్వర్డర్‌ను రెండు విషయాలు అడగాలి: అక్కడి నుంచి సరుకు లారీలో వస్తుందా మరో ఓడలో వస్తుందా, ఆ ఖర్చు ఎవరిది. జవాబు రాకముందే కస్టమర్‌కు ఆ రోజే రాయండి: "25 ఇక కుదరదు, కొత్త తేదీ ఎల్లుండి మధ్యాహ్నంలోగా చెబుతాం." కొత్త తేదీ దొరికేదాకా మౌనంగా ఉంటే 25 ఇంకా ఉందనే వాళ్లు నమ్ముతూ పనివాళ్లను పిలుస్తారు.

సరుకు చేరాక పట్టిక పక్కన నాలుగో గడి పెట్టి, ఒక్కో మజిలీకి నిజంగా పట్టిన రోజులు రాయండి. అదే టెర్మినల్‌కు వచ్చే మీ తర్వాతి కంటైనర్ ఇప్పటికే సముద్రం మీద ఉండి ఉంటుంది. దాని కస్టమర్లకు ఇచ్చిన తేదీలను ఆ అంకెలతో ఈ రోజే మళ్లీ లెక్క కట్టండి. తేడా మూడు రోజులు దాటితే ఓడ లంగరు వేసేదాకా చూడకుండా ఇప్పుడే ఫోన్ చేయండి. అప్పుడైతే విమానంలో చోటు దొరుకుతుంది, నిల్వా చేతిలో ఉంటుంది.